రెండు ఊళ్లు చూసే పేజీ

మా ఊరికి పోయే ప్రైవేటు బస్సు సాయంత్రం ముంబయి దగ్గరి భివండిలో బయలుదేరి, మర్నాడు పొద్దెక్కేసరికి తెలంగాణలో మమ్మల్ని దింపేది. దింపేది మా ఊళ్లో కాదు, మండలం బస్టాండులో. అక్కడి నుంచి ఆటో పట్టుకోవాలి. ఆ బస్టాండు వెనక ఒక కుళాయి, దాని పక్కన ఒక పొట్టి గోడ ఉండేవి. బస్సులోని మగవాళ్లందరూ ముఖాలు కడుక్కుని, ఆ గోడ చాటుకు పోయి బట్టలు మార్చుకునేవాళ్లు.

మా బాపు సంచీలోంచి పాత పేపర్లో చుట్టిన తెల్ల ఇస్త్రీ చొక్కా బయటికి తీసేవాడు. నలగకుండా దాన్ని రాత్రంతా ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. ముందు దువ్వెనకు నూనె రాసి తలలోని దూది నూగు దువ్వేవాడు. పవర్‌లూమును మావాళ్లు సాంచా అంటారు. సాంచాల మధ్య బతికేవాడి తలలో, కనుబొమల్లో, చెవి వెంట్రుకల్లో ఆ నూగు ఎప్పుడూ ఉంటుంది, ఒక్క స్నానంతో పోదు. అది పోయాక చొక్కా, ఆ మీద బెల్టు, చేతికి గడియారం. గోడ ఇవతలికి వచ్చేసరికి మా బాపు నడక కూడా మారిపోయేది. భివండిలో వంగి వంగి తిరిగే మనిషి ఇక్కడ రొమ్ము విరుచుకుని ఆటో పిలిచేవాడు.

మా అమ్మను నేను అవ్వ అంటాను. ఆటోలో ఆమె నాచేత చివరిసారి పాఠం అప్పజెప్పించేది. ఎవరన్నా అడిగితే ఏం చెప్పాలి? మాకు సాంచాలున్నాయని చెప్పాలి. బాపు ఏం చేస్తాడు? కార్ఖానా చూసుకుంటాడు. నిజానికి భివండి శాంతి నగర్‌లో ఆ సాంచాలు కార్ఖానా యజమాని సేటువి. బాపు బనీనుతో నిలబడి వాటిని నడిపే పనివాడు. ఊళ్లో మాత్రం ఆయన్ని భివండి సేటు అనేవాళ్లు. అదే బస్సులో వచ్చిన మిగతావాళ్లు కూడా ఊళ్లల్లో సేట్లే. ఒకరి సంగతి ఒకరికి అణాపైసలతో తెలుసు, ఒక్కడు కూడా ఇంకొకడి గుట్టు విప్పేవాడు కాదు. నాకు అందులో తప్పేమీ కనబడలేదు, ఇప్పటికీ కనబడదు. పెళ్లికి పోతూ పట్టుచీర కట్టుకున్న మనిషిని, రోజూ ఇదే కడతావా అని ఎవరైనా అడుగుతారా?

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, డిగ్రీకి వచ్చాక నేనూ ఒక గోడ కట్టుకున్నాను. అది కంప్యూటర్లో.

రెండు వేల సంవత్సరం దాటిన ఆ రోజుల్లో మా ఈడు వాళ్లందరూ ఒకే సైటులో ఉండేవాళ్లు. ఇప్పటి పిల్లలకు దాని పేరు చెబితే నవ్వుతారు. అందులో ప్రతి ఒక్కరికీ ఒక పేజీ. ఫోటో, నీ గురించి నాలుగు ముక్కలు, నీకు ఇష్టమైనవి, నువ్వు చేరిన గుంపులు. కింద స్క్రాప్‌బుక్ అని ఒక గోడ. ఎవరైనా వచ్చి దాని మీద నీకు రెండు మాటలు రాసి పోవచ్చు, దారిన పోయేవాళ్లందరూ అవి చదవచ్చు. పైగా నీ పేజీ ఎవరెవరు చూసి పోయారో వాళ్ల పేర్లు ఒక మూల కనబడేవి. అంటే చూసేవాడు కూడా కనబడేవాడన్నమాట.

నేను భివండి పక్కనే ఉన్న ఠాణేలో కాలేజీకి పోయేదాన్ని. పొద్దున బస్సెక్కితే కాశేలి వంతెన దాటేదాకా గోడౌన్లు, లారీలు. ఆ తరువాత మెల్లగా ఫ్లాట్లు, బాల్కనీలు, బాల్కనీల్లో పూలకుండీలు మొదలయ్యేవి. నా క్లాసు అమ్మాయిలు ఆ బాల్కనీల వెనక ఉండేవాళ్లు. మేముండేది కార్ఖానా వెనక గదిలో. రోజంతా సాంచాల చప్పుడుకు మా ఇంట్లో అందరికీ అరిచి మాట్లాడటం అలవాటు. కాలేజీలో గొంతు తగ్గించుకోవడమే నేను నేర్చుకున్న మొదటి పాఠం.

నా పేజీని ఎంత జాగ్రత్తగా కట్టానో చెబితే నాకే నవ్వొస్తుంది. ఊరు అన్నచోట ఠాణే అని రాశాను. అబద్ధం కాదు, భివండి ఠాణే జిల్లాలోనే ఉంది. ఫోటోలన్నీ కాలేజీ మెట్ల మీద, లైబ్రరీ కిటికీ దగ్గర తీయించుకున్నవి. కెమెరా ముందు నిలబడే ముందు బాత్రూము అద్దంలో జడంతా వెతికి నూగు ఏరేసుకునేదాన్ని. వాన ఇష్టమనే గుంపులో, పుస్తకాలు చదివేవాళ్ల గుంపులో చేరాను. వాన మా గదిలోకి కారేది, నాకు దాని మీద ఏ ఇష్టమూ లేదు. స్నేహితులు మన గురించి రాసే మెచ్చుకోళ్లకు ఒక జాగా ఉండేది. అవి మనం ఒప్పుకుంటేనే పేజీ మీదికి ఎక్కేవి. నా పక్క బెంచీ అమ్మాయికి నేనొకటి రాశాను, నాకు ఆమె ఒకటి రాసింది. ఇద్దరం ఒకే బల్ల దగ్గర పక్కపక్కన కూర్చుని, నువ్వు ఇది రాయి నేను అది రాస్తానని మాట్లాడుకుని మరీ రాసుకున్నాం.

నేను రాసుకునే చోటు శాంతి నగర్‌లోని ఒక సైబర్ కేఫ్. ప్లైవుడ్ అరలు, ఒక్కో అరకు ఒక గుడ్డ తెర. ఆ తెరల వెనక మనుషుల్ని చూడాలి. తడి తలకు తువ్వాలు చుట్టుకున్న అమ్మాయి ముఖం చిట్లించుకుని కూర్చుని, స్క్రీను మీద మాత్రం పసుపు రంగు నవ్వు ముఖాలు పెట్టేది. ఒకాయన పాళీ, అంటే షిఫ్టు, దిగి బనీనుతోనే వచ్చి, తలనిండా నూగుతో, ఆఫీసు పనిలో చాలా బిజీగా ఉన్నానని ఒక్కొక్క అక్షరం వెతికి కొట్టేవాడు. పెద్దగా చదివేవాడు గనక నాకు వినబడేది. మా అందరికీ ఆ కేఫే బస్టాండు వెనక గోడ.

తరువాత ఎమ్మేలో సమాజశాస్త్రం చదివినప్పుడు దీని మీద ఒక పాఠమే ఉందని తెలిసి నోరు వెళ్లబెట్టాను. మనిషి నలుగురిలో ఉండటం నాటకం ఆడటం లాంటిదేనట. ముందు రంగస్థలం, దాని వెనక వేషం కట్టుకుని, విప్పుకుని, సేద తీరే చోటు. వెనక చోటు లేనివాడు ముందు నిలబడలేడు. కుటుంబాలూ ఆఫీసులూ కలిసికట్టుగా ఆడతాయి, ఒకరి గుట్టు ఒకరు కాపాడతారు. ఒక ఆట చూసినవాళ్లు ఇంకో ఆటకు రాకుండా చూసుకోవడం ఆడేవాడి పని. ఇంకో సంగతి కూడా ఉంది. మనం కావాలని చూపేది ఒకటి, మనకు తెలియకుండా మన నుంచి ఒలికేది ఇంకొకటి. చూసేవాడు రెండో దాన్నే ఎక్కువ నమ్ముతాడు. పాఠం చెప్పిన మేడమ్ ఉదాహరణలు అడిగితే నేను చేయి ఎత్తలేదు. చెప్పడం మొదలుపెడితే ఆ గంట సరిపోయేది కాదు.

నా ఆటకు మొదట్లో ఒక్క ఠాణేవాళ్లే ప్రేక్షకులు. తరువాత మా అన్న వచ్చాడు. సొంత అన్న కాదు, బాపుకు అన్న అయిన పెద్దబాపు కొడుకు. కరీంనగర్‌లో ఇంజనీరింగు చదివేవాడు. మా జిల్లా పేరుతో ఉన్న ఒక గుంపులో నన్ను వెతికి పట్టుకుని, స్నేహితుల్లో చేర్చుకొమ్మని అడిగాడు. పెద్దబాపు కొడుకు గడప దగ్గర నిలబడి ఉంటే తలుపు వేయగలనా? చేర్చుకున్నాను. అతని వెంట ఊరంతా వచ్చి కూర్చున్నట్టయింది. సెలవులకు ఇంటికి పోయినప్పుడు నా ఫోటోలు, నా మాటలు పెద్దబాపుకు చెప్పేవాడు.

ఇక నుంచి ఒక్క పేజీని రెండు ఊళ్లు చూస్తాయి. నాకు భయం వేయలేదు, రోషం వచ్చింది. ఇద్దరికీ సరిపోయేలా రాయలేనా అనుకున్నాను. బాపు గురించి టెక్స్‌టైల్స్ అని ఒక్క ముక్క రాశాను. ఊరివాళ్లు చదివితే సేటు. ఠాణేవాళ్లు చదివితే ఏదో వ్యాపారం. ఎవరికి కావలసింది వాళ్లు నింపుకున్నారు. ఎవరూ గుచ్చి అడగలేదు. చాలా నెలలు అలాగే నడిచింది, నేను నిశ్చింతగా ఉన్నాను.

చెడగొట్టింది శుక్రవారం.

లోకమంతటికీ ఆదివారం సెలవైతే, భివండిలో సాంచాలకు శుక్రవారం సెలవు. ఆ రోజు ఊరు ఊరంతా నిశ్శబ్దంగా ఉంటుంది. తలంట్లు, మటను, సినిమా, చుట్టరికాలు అన్నీ శుక్రవారమే. పుట్టినప్పటి నుంచి అదే చూసిన నాకు, శుక్రవారం అంటే లోపల ఎక్కడో సెలవు అనే అర్థం గట్టిపడిపోయింది. శుక్రవారాలు నేను కాలేజీకి కూడా సరిగా పోయేదాన్ని కాదు. తల దువ్వుకుని కేఫులో కూర్చునేదాన్ని.

ఆ ఏడు మా క్లాసులో గుంపులు చేసి, చిన్న పరిశ్రమల మీద ప్రాజెక్టు రాసుకు రమ్మన్నారు. అందరం ఎప్పుడు కలుసుకోవాలా అని స్క్రాపుల్లో మాట్లాడుకుంటున్నాం. ఒక గురువారం సాయంత్రం నేను పక్క బెంచీ అమ్మాయి గోడ మీద, రేపు ఎలాగూ సెలవే గదా, అందరికీ తీరిక ఉంటుంది, కలుద్దామని రాశాను. రాసి, తెర పక్కకు లాగి, హాయిగా ఇంటికి వచ్చేశాను.

మర్నాడు తెరిచి చూస్తే దాని కింద పెద్ద చర్చ. రేపు ఏం సెలవు, పండగా, బందా అని ఒకరి తరువాత ఒకరు. మా గుంపులోని ఒకబ్బాయి మేనమామకు భివండి దగ్గరి మాన్కోలి గోడౌన్లలో లారీల పని ఉండేది. శుక్రవారం సెలవు భివండిలోనే ఉంటుంది, పవర్‌లూములు ఆ రోజే ఆపుతారు, ఈ అమ్మాయి భివండిదే అయ్యుండాలని అతను తేల్చేశాడు. అప్పుడు ఇంకొకరికి గుర్తొచ్చిందట, నా పాత స్క్రాపులు దాదాపు అన్నీ శుక్రవారం మధ్యాహ్నం రాసినవేనని. రాసిన రోజూ సమయమూ ప్రతి మాట పక్కనా సైటు అచ్చు వేసి పెట్టేది. అంత జాగ్రత్తగా నూగు ఏరుకున్న నేను, నా వారాన్ని దాచడం మరిచిపోయాను.

వాళ్లు ఎగతాళి చేస్తే బాగుండేది, నోరు విప్పి తగువు పెట్టుకునేదాన్ని. వాళ్లు సంబరపడ్డారు. పక్క బెంచీ అమ్మాయి నా గోడ మీదికే వచ్చి, ఎంత మంచి సంగతి దాచిపెట్టావు, మీకు పవర్‌లూములున్నాయా, అవి మీ నాన్నగారివేనా లేక ఆయన అక్కడ పని చేస్తారా, మన ప్రాజెక్టు మీ దగ్గరే చేద్దాం, వచ్చే వారం అందరం వస్తామని రాసింది. ఎంతో ప్రేమగా రాసింది, చివర నవ్వు ముఖాలు కూడా పెట్టింది.

వెంటనే తుడిచేద్దామని చేయి పెట్టాను. నా గోడ మీది మాటలు తుడిచే హక్కు నాకుంది. అప్పుడే మూలన ఉన్న పేర్లు చూశాను. అన్న అప్పటికే వచ్చి చూసి పోయాడు. చూసినదాన్ని తుడిచేస్తే తుడిచావేమని అనుమానం. తుడవకపోతే జవాబు చెప్పాలి. అదీ ఒకే గోడ మీద, రెండు ఊళ్లూ చూస్తుండగా. బాపు సేటని రాస్తే ఠాణేవాళ్లు వారంలో మా గుమ్మం ముందు ఉంటారు. పనివాడని రాస్తే, బాపు ఊళ్లో ఇన్నేళ్లు కట్టుకున్న పేరు కూలుతుంది. నా పరువు సంగతి నేను చూసుకోగలను. అది బాపు పరువు. ఆయన్ని అడగకుండా ఒక్క అక్షరం కూడా రాయనని గట్టిగా అనుకున్నాను.

బాపుకు చదువు రాదు. ఆ శుక్రవారమే ఆయన్ని కేఫుకు తీసుకుపోయాను. ప్లైవుడ్ అరలో ఇద్దరం ఇరుక్కుని కూర్చున్నాం. నా ఫోటోలు చూసి ముందు మురిసిపోయాడు. అన్న ఫోటో చూపిస్తే, వీడు ఇందులోకి ఎట్ల వచ్చాడని ఆశ్చర్యపోయాడు. అప్పుడు ప్రశ్న చదివి వినిపించాను. ఇప్పుడు వాళ్లందరూ ఇందులోనే ఉన్నారా అని గొంతు తగ్గించి అడిగాడు, వాళ్లకు వినబడుతుందేమోనన్నట్టు. లేరు, కానీ ఎప్పుడైనా వచ్చి చదువుతారని చెప్పాను.

“ఊర్ల ఒక మాటంటె గాలికి పోతది,” అన్నాడు బాపు. “గిది పోదా?”

“పోదు బాపు. నేను తుడిస్తెనే పోతది. కని అన్న చూసిండు.”

“దీనికి తలుపు లేదా బిడ్డా?”

లేదన్నాను. పేజీలకు తాళాలు వేసుకునే ఏర్పాటు నేను ఆ తరువాతే చూశాను. అయితే సేటు అనే రాయమన్నాడు బాపు. మరి వాళ్లు వస్తే? వస్తే రానీ, ఒక పూట సేటు కుర్చీలో కూర్చుంటానన్నాడు. అంటూనే ఆయనకే అర్థమైంది. ఆ కుర్చీలో కూర్చోవాలంటే సేటును అడగాలి. ఎందుకని సేటు అడిగితే, ఊళ్లో నన్ను సేటంటారని ఆయన ముందు ఒప్పుకోవాలి. పక్క సాంచాల వాళ్లను కూడా నోరు మూసుకోమని బతిమాలాలి. ఒక తెరను నిలబెట్టడానికి ఇంకో మూడు తెరలు కట్టాలి, ప్రతి తెర వెనకా ఇంకో మనిషికి మన గుట్టు తెలియాలి.

ఇంటికి వచ్చాక అవ్వ ఇద్దరినీ కలిపి తిట్టింది. కంప్యూటరు నేర్చుకొమ్మని నిన్నెవరన్నారు, కాలేజీ చాలు, రేపటి నుంచి సాంచాలకు నూలు కండెలు చుట్టమంది. నేను మాత్రం పళ్లు బిగించుకున్నాను. కాలేజీ మాననని, ఆ పేజీ మూసేసి దొంగలా పారిపోనని, జవాబు రాయకుండా వదలనని చెప్పాను. ఏం రాయాలో మాత్రం బాపు చెప్పాలి. బాపు అన్నం ముందు కూర్చుని, నన్ను నాలుగు రోజులు ఆలోచించుకోనీ అన్నాడు. ఆ నాలుగు రోజులు ఆయన నాతో సరిగా మాట్లాడలేదు. నేనూ వెంట పడలేదు, కానీ ఎదురుగా తిరుగుతూనే ఉన్నాను.

ఈలోగా నా గోడ మీద ఇంకో మాట పడింది. రాసింది అన్న. కాలేజీవాళ్లకు అర్థమయ్యేలా ఇంగ్లీషులో రాశాడు. మా బాబాయికి భివండిలో సొంత పవర్‌లూములున్నాయి, మా ఊళ్లో ఎవరినైనా అడగండి చెబుతారు, ఆయన చాలా పెద్దమనిషి. నాకు ముందు కోపం వచ్చింది. అడగకుండా నా ఆటలోకి దూకి తలుపులన్నీ మూసేశాడు, ఇక పనివాడని రాస్తే అన్న అబద్ధాలకోరవుతాడు. బాపు పాళీ దిగి వస్తుంటే దారిలోనే ఆపి చెప్పాను. ఊరివాడు కూడా సేటనే అన్నాడు గదా, సంతోషిస్తాడేమో అనుకున్నాను.

బాపు అక్కడే ఒక గుమ్మం మెట్టు మీద కూర్చున్నాడు.

“ఆడు నాకోసం అబద్ధమాడిండు,” అన్నాడు. “ఆనికి ఎరుకే బిడ్డా. పోయిన ఎండకాలం ఈడికొచ్చినప్పుడు నన్ను సాంచా కాడ చూసిండు. పనోడు రాలేదు, నేనే నిలబడ్డ అని చెప్పిన. నమ్మిండనుకున్న.”

నాకు ఆ రోజు గుర్తుంది. పెద్దబాపు కళ్ల ఆపరేషనుకు అన్న ఆయన్ని వెంటబెట్టుకుని ముంబయి తీసుకుపోతూ, దారిలో మా దగ్గర ఆగాడు. బాపును పిలవడానికి కార్ఖానాలోకి పోయి, చాలాసేపటికి గాని తిరిగి రాలేదు. వచ్చాక చాయ్ తాగుతూ, మా బాపుకు చేతి నిండా పని ఉందని పెద్దబాపుకు చెప్పాడు. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. అన్నకు తెలియకుండా ఎలా ఉంటుంది? సాంచా ముందు ఒక్కరోజు నిలబడినవాడి చేతులు అలా కదలవు. తెగిన పోగును బాపు చూడకుండానే ముడి వేస్తాడు.

“నేనాడితె ఆడిన,” అన్నాడు బాపు లేస్తూ. “ఆ పిల్లగాడు చదువుకునెటోడు. వాడు నాకోసం పదిమందిల అబద్ధమాడుడు నాకొద్దు. పా, రాద్దాం.”

పాళీ బట్టలతోనే, తలనిండా నూగుతోనే కేఫులోకి వచ్చాడు. ఏం రాయాలో నిలబడే చెప్పాడు, నేను ఇంగ్లీషులోకి మార్చి కొట్టాను. మా బాపు సాంచాల మీద పని చేస్తాడు. సాంచాలు సేటువి, పనితనం బాపుది. మా అన్నకు ఈ సంగతి తెలియదు, అందుకే అట్లా రాశాడు. మీరందరూ రండి, చూపిస్తాడు. మూడో వాక్యం బాపు పట్టుబట్టి రాయించాడు. అది అబద్ధమని నేనంటే, ఆ ఒక్కటి ఉండనీ, పిల్లగాడి మాట కింద పడొద్దన్నాడు. నేను బటన్ నొక్కాను. ఊరు అన్నచోట ఠాణే తీసేసి భివండి అని కూడా అప్పుడే మార్చేశాను.

కాలేజీవాళ్లు వచ్చారు. శుక్రవారం కాకుండా సాంచాలు నడిచే రోజు చూసుకుని రమ్మన్నాను. చప్పుడుకు చెవులు మూసుకున్నారు, నేను నా ఇంటి గొంతుతో అరిచి అన్నీ చెప్పాను. నా గొంతు ఇంత పెద్దదని పక్క బెంచీ అమ్మాయి అప్పుడే విన్నది. ఆమెకూ చెప్పని సంగతులు చాలా ఉన్నాయని బస్సెక్కేటప్పుడు మెల్లగా అంది. ఏమిటని నేను అడగలేదు. చెప్పాలనుకున్నప్పుడు తనే చెబుతుందనుకున్నాను. నేను మాత్రం అన్నీ విప్పేసి పెట్టేశానని అనుకోవద్దు. ఆ తరువాత కూడా ఫోటోకు ముందు జడ దువ్వుకున్నాను, మా గది ఫోటో ఎప్పుడూ పెట్టలేదు. ఏది చూపాలి, ఏది తెర వెనక ఉండాలి అనేది నా ఇష్టం. భయపడి దాచడం మాత్రం మానుకున్నాను.

ఊరి సంగతే మిగిలింది. అన్న జవాబేమీ రాయలేదు. బాపు పనికి పోతున్నాడు, వస్తున్నాడు, ఫోను మోగితే ఉలిక్కిపడుతున్నాడు. ఇక ఊరికి పోతే ముఖం చెల్లదని ఒకసారి అవ్వతో అనడం విన్నాను. ఆ మాట విని నేను రాసింది మంచి పనేనా అని నాకూ అనిపించింది. అయినా తుడవలేదు.

అన్న ఇంట్లో చెప్పినట్టున్నాడు, తరువాతి శుక్రవారం పెద్దబాపు ఫోను చేశాడు. బాపు వాకిట్లోకి పోయి నిలబడి మాట్లాడాడు. తన అన్న ముందు ఎప్పుడూ అట్లాగే నిలబడేవాడు, ఫోనులో కూడా. ఊఁ, ఊఁ అనడం తప్ప మాకేమీ వినబడలేదు. ఫోను పెట్టేశాక లోపలికి వచ్చి గోడకు చేరగిలబడ్డాడు. ఏమన్నాడని అవ్వ రెండుసార్లు అడిగింది.

“మాకు ఎప్పటి సందో ఎరుకనే తమ్మీ, అన్నడు,” అన్నాడు బాపు. “ఊర్ల అందరికి ఎరుకేనంట. నువ్వు గట్ల తెల్లంగి తొడుక్కొని దిగుతుంటె చూసి మా పానం మంచిగుండేది, అందుకే ఎవ్వలం అడగలేదు, అన్నడు.”

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాపు మాత్రం నవ్వాడో ఏడ్చాడో తెలియని ముఖంతో మా ఇద్దరి వైపూ చూశాడు.

“ఇన్నేండ్లు నేను ఆళ్ళకు చూపెడుతున్ననుకున్న,” అన్నాడు. “ఆళ్ళే ఎరుక లేనట్టు నాకు చూపెట్టిండ్రు.”

ఆ మాట అని లేచి, దండెం మీది తువ్వాలు తీసుకుని స్నానానికి పోయాడు.